అంగట్లో ఒక గంట నిమ్మళం

మన పక్క అంగళ్లన్నీ గట్టిగా పిలుస్తాయి. మదనపల్లెలో కానీ, పుంగనూరులో కానీ, కుప్పంలో కానీ కాస్త పెద్ద బట్టలంగడికి పోతే వాకిట్లోనే స్పీకరు ఉంటుంది. తగ్గింపు ధరలు చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెబుతూ ఉంటుంది. లోపల పగటిపూట కూడా వరసగా లైట్లు, గోడల నిండా అద్దాలు. నలుగురు అమ్మాయిలు ఒకేసారి "రండక్కా, ఏం కావాలక్కా" అంటారు. మనకు అది సందడి. ఆటిజం ఉన్న బిడ్డను చేయి పట్టుకొని పోయే తల్లికి మాత్రం అది దాటలేని గడప.

మా ఆడబిడ్డ కొడుక్కి తొమ్మిదేళ్లు. వాడికి ఆటిజం ఉంది. మాటలు తక్కువే కానీ చూసినదేదీ మరిచిపోడు. వాణ్ణి తీసుకొని బట్టలు కొనడానికి పోయినప్పుడల్లా ఒకటే తంతు. గడప దగ్గరే చెవులు మూసుకొని "మ్‌..." అని గొంతులో రాగం తీస్తాడు. అయిదు నిమిషాలకు కింద కూర్చుంటాడు, పది నిమిషాలకు ఏడుపు. చుట్టూ జనం మూగుతారు. "మొండి పిల్లోడమ్మా, రెండు తగిలించు" అని ఒకామె, "దిష్టి తియ్యించు" అని ఇంకొకామె. మా ఆడబిడ్డ చివరికి ఒక్కతే పోయి కొలత చొక్కా చూపించి బట్టలు తెచ్చేది.

అది మొండితనం కాదు. తేడా కనుక్కోవడం కష్టం కూడా కాదు. బొమ్మ కావాలని ఏడ్చే బిడ్డ మధ్యలో మన ముఖం చూస్తాడు, బొమ్మ చేతిలో పెడితే ఊరుకుంటాడు. ఆటిజం ఉన్న బిడ్డ తట్టుకోలేక ఏడ్చినప్పుడు ఏం ఇచ్చినా ఊరుకోడు, ఎవరు చూస్తున్నారో వాడికి పట్టదు. ఆ చోటు నుంచి బయటికి తెచ్చి, నిశ్శబ్దంగా కాసేపు వదిలేస్తేనే తేరుకుంటాడు. మనకు స్పీకరు మోత, పక్కవాళ్ల మాటలు, ఫ్యాను చప్పుడు వినబడుతున్నా, అక్కరలేనిదాన్ని మనసు దానంతట అదే పక్కకు నెట్టేస్తుంది. ఈ పిల్లల్లో చాలామందికి ఆ జల్లెడ సరిగా పనిచేయదు. అన్నీ ఒకే గట్టితనంతో లోపలికి వస్తాయి. వాడు తీసే రాగం కూడా అల్లరి కాదు. బయటి చప్పుడు మీద తన చప్పుడు కప్పుకోవడం.

పోయిన ఏడాది నేను ఒక పని చేశాను. మేము ఎప్పుడూ కొనే అంగడికి ఒక్కదాన్నే పోయి, వాడు ఎక్కడెక్కడ ఇబ్బంది పడతాడో ఆ వరసలోనే చూస్తూ నడిచాను. మొదటిది వాకిట్లో స్పీకరు. రెండోది లైట్లు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. అందువల్ల పాత చోకు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులుగా వెలుగుతుంది. మామూలుగా మన కంటికి తెలియదు, కొందరిని మాత్రం బాగా ఇబ్బంది పెడుతుంది. చవక ఎల్‌ఈడీల్లోనూ కొన్నింటికి ఈ జబ్బు ఉంది. సెల్‌ఫోను కెమెరా తెరిచి లైటు వైపు పెడితే, అదిరే లైటయితే తెర మీద నల్లటి చారలు కదులుతాయి. పిల్లల బట్టల పక్కనున్న రెండు వరసల్లో నాకు ఆ చారలు కనిపించాయి. మూడోది మనుషులు. నలుగురూ ఒకేసారి పలకరించడం, ముద్దుగా ఉన్నాడని బుగ్గ గిల్లడం. నాలుగోది బిల్లు దగ్గర వరస. ఎంతసేపు నిలబడాలో తెలియదు, వెనకనుంచి తోస్తుంటారు.

ఈ నాలుగూ అంగడాయనకు చెప్పాను. పెద్దాయన, ఓపికగా విన్నాడు. "వ్యాపారం పోతుందేమోమ్మా" అన్నాడు. "బుధవారం పొద్దున పదికి మీ అంగట్లో ఎంతమంది ఉంటారన్నా?" అని అడిగితే నవ్వి, "ఈగలు తోలుకుంటుంటాం" అన్నాడు. సరే, బుధవారం పది నుంచి పదకొండు అనుకున్నాం. ఆ గంట స్పీకరు కట్టేయాలి. అదిరే రెండు వరసల లైట్లు ఆర్పి, కిటికీ తెరలు తీయాలి. ఒక్క అమ్మాయే దగ్గరికి రావాలి, అడక్కుండా ముట్టుకోకూడదు. బిల్లు వాడు నిలబడిన చోటికే తెచ్చివ్వాలి. అంగడాయనకు ఒక్క రూపాయి ఖర్చు లేదు. మిగతావాళ్లు వస్తే రానీ, మేమేమీ అంగడిని మా పేర రాయించుకోలేదు.

ఇంట్లో చేయాల్సిన పని మాది. వాడికి ముందుగా తెలియాలి. ఆరు అట్టముక్కల మీద ఆరు బొమ్మలు అతికించాం: చెప్పులు, ఆటో, అంగడి వాకిలి, చొక్కా, డబ్బులు, మళ్లీ ఇల్లు. వాకిలి ఫోటో ఆ అంగడిదే. ఏ అంగడిదో పెడితే వాడికి అది వేరే చోటు. మంగళవారం రాత్రి ఒకసారి, బుధవారం పొద్దున ఒకసారి వరసగా చూపించాం. ఒక్కొక్కటి అయిపోగానే ఆ అట్టను వాడే తిప్పేస్తాడు. ఇక ఎన్ని మిగిలాయో వాడికే తెలుస్తుంది.

మొదటి బుధవారం ఇరవై నిమిషాలు ఉన్నాడు. రెండు చొక్కాలు వాడే తాకి చూసి, మెడ వెనక చీటీ గుచ్చుకోనిది ఎంచుకున్నాడు. రెండో బుధవారం ఏమీ కొనలేదు, ఊరికే పోయి తిరిగొచ్చాం. మూడో బుధవారం పెద్దాయన పెళ్లికి పోయాడు. అంగట్లో ఆయన తమ్ముడి కొడుకు ఉన్నాడు, అతనికి ఎవరూ చెప్పలేదు. స్పీకరు మోగుతోంది, లైట్లన్నీ వెలుగుతున్నాయి. బిడ్డ వాకిలి ఫోటో చూసుకున్నాడు, వాకిలి చూశాడు, అట్టలన్నీ రోడ్డు మీద విసిరేశాడు. ఆరోజు ఏడ్చినంత వాడు అంతకు ముందు ఎప్పుడూ ఏడవలేదు. తర్వాత నెల రోజులు వాకిలి బొమ్మ చూపిస్తేనే చెవులు మూసుకున్నాడు. "అసలు అలవాటు చేయకపోయినా బాగుండేది వదినా" అంది మా ఆడబిడ్డ.

నేను చెప్పదలచుకున్న మాట ఇక్కడే ఉంది. లైటు తగ్గించడం, స్పీకరు కట్టేయడం సులువు. ఆ గంటను చెప్పిన రోజున, చెప్పినట్టే నిలబెట్టుకోవడమే అసలు పని. మోత ఉంటుందని ముందే తెలిస్తే ఈ పిల్లలు కొంత సిద్ధపడతారు. నిమ్మళంగా ఉంటుందని నమ్మి వచ్చినచోట మోత ఎదురైతే ఆ సిద్ధం ఉండదు. అందుకని అప్పుడప్పుడూ దొరికే నిశ్శబ్దం కన్నా, వారానికి ఒక్కటే అయినా తప్పని గంట మేలు.

బయటి దేశాల్లో దీన్ని పెద్ద అంగళ్లే పట్టించుకున్నాయి. ఆస్ట్రేలియాలో కోల్స్ అనే సరుకుల అంగళ్లవాళ్లు 2017లో అక్కడి ఆటిజం సంస్థ సాయంతో నిశ్శబ్ద గంట మొదలుపెట్టారు. న్యూజీలాండ్‌లో కౌంట్‌డౌన్ అనే అంగళ్లు 2019లో బుధవారం మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా పెట్టాయి. లైట్లు తగ్గించడం, పాటలు ఆపడం, మైకులో ప్రకటనలు మానడం, అక్కడా దాదాపు ఇవే. ఏ రోజు, ఏ గంట అన్నది వాళ్లు ముందే అందరికీ తెలిసేలా చెప్పి పెట్టడం నాకు బాగా నచ్చింది.

మా అంగట్లో కూడా తర్వాత దారికి తెచ్చాం. గల్లాపెట్టె మీద గోడకు కాగితం అంటించారు: బుధవారం పది నుంచి పదకొండు, స్పీకరు వద్దు, ఫలానా స్విచ్‌లు ఆర్పాలి. పెద్దాయన మనసులో ఉన్న మాట కాగితం మీదికి వస్తే, ఎవరు కూర్చున్నా జరుగుతుంది. ఏ వారమైనా కుదరకపోతే మంగళవారం సాయంత్రమే ఫోను చేస్తారు. మేము వాకిలి బొమ్మ తీసేసి వేరేది పెడతాం. పండగ ముందు రెండు వారాలు ఆ గంట ఉండదని కూడా కాగితం మీదే రాశారు. అది నిజాయితీ. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకపోవడం కూడా ఈ బిడ్డలకు మేలే. బిడ్డ మళ్లీ గడప దాటడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. ముందు ఎదురు రోడ్డు మీద నిలబడి చూడడం, తర్వాత మెట్టు దాకా, తర్వాత లోపలికి.

ఇది అందరికీ సరిపోయే మందు కాదు. ఆటిజం ఉన్నవాళ్లలో వెలుగునూ చప్పుడునూ వెతుక్కుంటూ పోయేవాళ్లూ ఉన్నారు. లైట్లు బాగా తగ్గిస్తే చూపు ఆనని పెద్దవాళ్లు మెట్ల దగ్గర తట్టుకొని పడతారు, అందుకే మెట్ల మీద లైటు ఆర్పకూడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. "మీకు బుధవారం ఉంది కదా, ఆదివారం ఎందుకొచ్చారు?" అనే మాట ఏదో ఒకరోజు వస్తుంది. ఆ గంట ఒక వసతి, హద్దు కాదు. మిగతా వేళల్లో కూడా వాకిట్లో స్పీకరు పెట్టడానికి రాతపూర్వకంగా అనుమతి ఉండాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. వ్యాపార వీధుల్లో పగటిపూట 65 డెసిబెల్స్ హద్దు. అది పాటిస్తే అందరి చెవులకూ మంచిదే.

"ఇంట్లో పెట్టుకొని బట్టలు తెచ్చివ్వచ్చు కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు" అని అడిగినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. తెచ్చివ్వచ్చు. కానీ రేపు వాడికి ఇరవై ఏళ్లు వస్తాయి. ఉప్పు ప్యాకెట్టు ఎక్కడ ఉంటుందో, డబ్బు ఎవరికివ్వాలో అంగడికి పోకుండా ఎట్లా తెలుస్తుంది? వాణ్ణి ఇంట్లో ఉంచాలంటే కాపలాకు ఎవరో ఒకరు ఉండాలి కదా, ఆ ఒకరు ఎప్పుడూ తల్లే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని తన జాబితాలో చేర్చింది. జనం వచ్చిపోయే ప్రైవేటు వ్యాపార భవనాలను కూడా ప్రజా భవనాలుగానే లెక్కించింది. చక్రాల కుర్చీకి వాలుబాట కట్టాలని మనకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఈ బిడ్డలకు కావాల్సిన వాలుబాట సిమెంటుది కాదు, అందుకని ఎవరికీ కనబడదు.

మీరు ఎప్పుడూ పోయే అంగట్లో ఈ మాట అడిగి చూడండి. రద్దీ లేని గంట ఏదో అంగడాయనకే బాగా తెలుసు. ఒప్పుకుంటే కాగితం మీద రాయించండి. అంగట్లో ఏ బిడ్డయినా చెవులు మూసుకొని కూర్చుంటే చుట్టూ మూగకండి, తల్లికి సలహా చెప్పకండి, బిడ్డను ముట్టుకోకండి. వాకిలి వైపు దారి వదిలి, "స్పీకరు కాసేపు కట్టేయన్నా" అని అంగడాయనతో ఒక్క మాట చెప్పండి. ఆ తల్లి ఆ క్షణంలో అడగలేదు, మనం అడగగలం.