మొదటేడు తడబడితే మొత్తం చదువే తప్పా?

జనవరిలో గుంటూరు, పల్నాడు, ప్రకాశం మెట్ట పొలాల్లో రెండు పనులు ఒకదాని మీద ఒకటి పడతాయి. పత్తి తీత ఇంకా ముగియదు, మిరప కోత మొదలవుతుంది. ఆ కోత ఒక్కసారితో అయ్యేది కాదు, ఏప్రిల్ దాకా విడతలు విడతలుగా సాగుతుంది. వాడల్లో ఇళ్లకు తాళాలు పడేది అప్పుడే. ఇంజినీరింగ్ మొదటేడు పిల్లలకు సెమిస్టర్ పరీక్షలు పడేదీ చాలాసార్లు ఈ నెలల్లోనే, ఎందుకంటే కౌన్సెలింగ్ ఆలస్యమైతే క్లాసులూ, వాటి వెనకే పరీక్షలూ ఆలస్యమవుతాయి. హాస్టల్లో సీటు దొరికిన పిల్ల చదువుకుంటుంది. దొరకని పిల్ల శని, ఆదివారాలు చేలో ఉంటుంది.

ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. పై ఏడాదికి ప్రమోట్ చేసే నిబంధన గురించి మాట్లాడేటప్పుడు ‘ఎన్ని మార్కులు’ అన్న దగ్గరే మనం ఆగిపోతాం. ‘ఎప్పటికి’ అన్న రెండో ప్రశ్న అడగం. నిబంధనలో అసలు మెలిక అక్కడే ఉంటుంది. మొత్తం మీద ఇంత శాతం రావాలన్నది ఒక షరతు. దానికి తోడు ప్రతి ఏడాదీ విడిగా ఇంత శాతం రావాల్సిందేనన్నది ఇంకో షరతు. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ పడగొట్టేది వేరువేరు విద్యార్థులను.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువగా కాకినాడ జేఎన్‌టీయూ కిందికి వస్తాయి. 2008లో జేఎన్‌టీయూను విడగొట్టినప్పటి నుంచి కాకినాడ రెగ్యులేషన్లు వేరు, హైదరాబాద్ రెగ్యులేషన్లు వేరు. పిల్లలు వాటిని ఆర్16, ఆర్20 అని పిలుచుకుంటారు. 2020లో చేరిన బ్యాచ్‌కి ఆర్20 వర్తిస్తుంది. కాకినాడ ఆర్20 ప్రకారం మొదటేడు నుంచి రెండో ఏడుకు వెళ్లడానికి హాజరుంటే చాలు. రెండు నుంచి మూడుకు వెళ్లాలంటే అప్పటిదాకా ఉన్న మొత్తం క్రెడిట్లలో 40 శాతం సంపాదించాలి. మూడు నుంచి నాలుగుకు కూడా అదే లెక్క. ‘అప్పటిదాకా మొత్తం’ అన్న మాట గుర్తుపెట్టుకోండి.

హైదరాబాద్ ఆర్18లో గేటు ముందే వస్తుంది. మొదటేడు క్రెడిట్లలో సగం రాకపోతే రెండో ఏడే లేదు. ఆ పైన ప్రతి మెట్టు దగ్గరా అప్పటిదాకా ఉన్న మొత్తంలో 60 శాతం ఉండాలి. అంటే తొలి ఏడాదికి విడిగా ఒక మినిమం, దాని మీద మొత్తానికి ఇంకొకటి. మనం మాట్లాడుతున్న రెండు తాళాల పద్ధతికి తెలుగు నేల మీద దగ్గరి ఉదాహరణ ఇదే.

ఒక విద్యార్థినిని ఊహించుకుని లెక్క వేద్దాం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంట్లో ఇంజినీరింగ్ పుస్తకం తెరిచిన మొదటి మనిషి ఆమే. లెక్క తేలిగ్గా ఉండటానికి సెమిస్టర్‌కు ఇరవై క్రెడిట్ల చొప్పున ఏడాదికి నలభై అనుకుందాం. థియరీ పేపర్ ఒక్కోటి మూడు క్రెడిట్లు, ల్యాబ్ ఒకటిన్నర. మొదటేడు ఆరు ల్యాబులూ పాసైంది, తొమ్మిది క్రెడిట్లు వచ్చాయి. థియరీలో రెండే దాటింది, ఆరు వచ్చాయి. మొత్తం 15. మ్యాథ్స్, ఫిజిక్స్, డ్రాయింగ్ అన్నీ మిగిలిపోయాయి. కాకినాడ లెక్కన హాజరుంది కాబట్టి రెండో ఏడుకు వెళ్తుంది. అప్పటికి ఇంగ్లిష్ పాఠం చెవికి అలవాటు పడింది, సీనియర్ల నోట్సు చేతికొచ్చింది. రెండో ఏడు ల్యాబులతో తొమ్మిది, ఏడు థియరీ పేపర్లతో ఇరవై ఒకటి, కలిపి 30 తెచ్చుకుంది. రెండేళ్లకూ కలిపి ఎనభైకి 45, అంటే 56 శాతం. కావలసింది 32. నిశ్చింతగా మూడో ఏడుకు పోతుంది, మిగిలిన పేపర్లు సప్లిమెంటరీల్లో ఒక్కొక్కటే తీర్చుకుంటుంది.

అదే అమ్మాయి హైదరాబాద్ ఆర్18 కింద ఉండి ఉంటే మొదటేడు చివర 20 దగ్గరకు రాలేదు. 15 దగ్గరే ఆగిపోయేది. రెండో ఏడు తెచ్చుకున్న ఆ 30 క్రెడిట్లను తెచ్చుకునే అవకాశమే ఉండేది కాదు. ఆమె చేయగలదా లేదా అన్నది తేలకముందే ‘చేయలేదు’ అని తేల్చేస్తుంది నిబంధన. మొత్తం లెక్క చూసే పద్ధతి మొదటేడు తడబాటును రెండో ఏటి కష్టంతో పూడ్చుకోనిస్తుంది. ఏడాదికో మినిమం పెట్టే పద్ధతి ఆ పూడ్చుకోవడాన్నే నిషేధిస్తుంది. నిలకడగా నడిచినవాళ్లకు రెండింటికీ తేడా కనపడదు. కింద నుంచి మొదలుపెట్టి ఎక్కి వచ్చేవాళ్లకే తేడా. మన పిల్లల్లో ఎక్కువమంది ఎక్కి వచ్చేవాళ్లే.

ఇక్కడ అవతలి వాదన కూడా వినాలి. అధ్యాపకుల్లో మంచివాళ్లే చెబుతారు: మొదటేడు మ్యాథ్స్ రాని పిల్లాడు రెండో ఏడు సిగ్నల్స్ ఎలా చదువుతాడు, బ్యాక్‌లాగులు పదిహేను మూటగట్టుకుని నాలుగో ఏడుకు చేరితే ఆఖరికి డిగ్రీ చేతికి రాదు కదా అని. కాదనలేం. పైన చెప్పిన కాకినాడ లెక్కలోనే చూడండి. నాలుగు సెమిస్టర్లలో ల్యాబులన్నీ పాసైతే 18 వస్తాయి, ఇరవై థియరీ పేపర్లలో అయిదు దాటితే గేటు దాటినట్టే. పదిహేను బ్యాక్‌లాగులతో మూడో ఏట్లోకి అడుగుపెట్టడం దయ అని మేం అనం. కానీ ఆ వాదనకు జవాబు ఏడాది మినిమం కాదు. సిగ్నల్స్‌కు మ్యాథ్స్ కావాలంటే ఆ ఒక్క పేపర్‌కు ఆ ఒక్కటి ముందు పాస్ కావాలని పెట్టొచ్చు. డ్రాయింగ్ పోయినందుకు ఏడాదంతా ఇంట్లో కూర్చోబెట్టనక్కర్లేదు. డిగ్రీ కావాలంటే కాకినాడలోనైనా, హైదరాబాద్‌లోనైనా తప్పనిసరి పేపర్లు ఎటూ పాస్ కావాల్సిందే. కాబట్టి ఏడాది గేటు డిగ్రీ నాణ్యతకు కలిపేది పెద్దగా లేదు. ఆ పేపర్లు కాలేజీలో ఉండి రాస్తారా, ఊళ్లో ఉండి రాస్తారా అన్నది మాత్రమే అది తేలుస్తుంది.

విడి మినిమం ప్రతిచోటా అన్యాయమని కూడా మేం అనడం లేదు. ఒక్క పేపర్ లోపల చూడండి. ఆర్20లో ఇంటర్నల్ 30, యూనివర్సిటీ పరీక్ష 70. రెండూ కలిపి 40 రావాలి, పైగా యూనివర్సిటీ పరీక్షలో విడిగా 35 శాతం రావాలి. ఇంటర్నల్ 28, ఎక్స్‌టర్నల్ 23 వచ్చిన పిల్లాడికి మొత్తం 51 ఉన్నా ఫెయిల్. ఇంటర్నల్ 15, ఎక్స్‌టర్నల్ 25 వచ్చిన పిల్ల 40తో పాస్. ఇదీ రెండు తాళాల పద్ధతే, అయినా దీనికి అర్థం ఉంది. ఇంటర్నల్ మార్కులు కాలేజీ చేతిలో ఉంటాయి. ఎవరికి ఎంత వేస్తారో, ఏ కులపు పిల్లలకు చేయి బిగుసుకుంటుందో మనకు తెలుసు. బయట దిద్దే పేపర్‌కు విడిగా విలువివ్వడం ఒక విధంగా మనకు రక్షణ. ఒకే చదువును కొలిచే రెండు కొలతల్లో ఒకటి నమ్మదగింది, ఒకటి కాదు అనుకున్నప్పుడు విడి మినిమం పెట్టడం సబబే. మొదటేడుకూ రెండో ఏడుకూ మధ్య అలాంటి తేడా ఏముంది? రెండిట్లోనూ దిద్దింది ఆ యూనివర్సిటీయే. మారింది పిల్ల ఒక్కతే.

ఏడాది ఆగిపోతే పోయేది ఏడాది మాత్రమే అయితే ఇంత రాయం. స్కాలర్‌షిప్ ప్రమోషన్‌కు ముడిపడి ఉంది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్రం ఏళ్లుగా నడిపిన మార్గదర్శకాల్లో, పై తరగతికి ప్రమోట్ అయితేనే రెన్యువల్ అని ఉంది. ఇంజినీరింగ్ వంటి కోర్సుల్లో మొదటిసారి ఫెయిలైతే రెన్యువల్ చేయవచ్చు. రెండోసారి తప్పితే మళ్లీ ప్రమోట్ అయ్యేదాకా ఖర్చు విద్యార్థిదే. ఆ నియమం రాసిన రోజుల్లో ఏడాది చివర ఒక పరీక్ష, పాస్ లేదా ఫెయిల్ అనే రెండే మాటలు. ఇప్పుడు సెమిస్టర్లు, క్రెడిట్లు, సప్లిమెంటరీలు వచ్చాయి. క్రెడిట్ ఒకటి తక్కువై డిటెయిన్ అయిన పిల్ల ఆ పాత మాటల్లో ‘మొదటిసారి ఫెయిల్’ కిందికి వస్తుందా, రాదా? ఆ ఒక్క మాట తేల్చే గుమస్తా మీద మూడేళ్ల ఫీజు ఆధారపడుతుంది. మొదటేడే గేటు పెడితే ఆ ఒక్క మినహాయింపు అక్కడే ఖర్చైపోతుంది. తర్వాత జ్వరమొచ్చినా, ఇంట్లో చావొచ్చినా కాచుకోవడానికి ఏమీ మిగలదు.

రిజల్ట్ ఎప్పుడొస్తుందన్నది ఇంకో మెలిక. గేటు దగ్గర లెక్కపెట్టేది చేతికొచ్చిన క్రెడిట్లనే. సప్లిమెంటరీ ఫలితమో, రీవాల్యుయేషనో పై ఏడాది క్లాసులు మొదలైన నెలకు వస్తే, పాసైన పిల్ల కూడా కాగితం మీద తప్పినట్టే. 31 దగ్గర ఆగిన పిల్లకు మూడు క్రెడిట్ల పేపర్ ఒకటి రీవాల్యుయేషన్‌లో ఉందంటే, ఆమెను వెనక్కి పంపడం తొందరపాటు. ఇలాంటి సమయంలో కాలేజీ ఆఫీసు నోటిమాటగా ‘నువ్వు డిటెయిన్’ అంటే నమ్మి ఊరికి బయలుదేరవద్దు. తన బ్యాచ్ ఏ రెగ్యులేషనో చూసుకుని, అన్ని సెమిస్టర్ల మెమోలూ ముందు పెట్టుకుని క్రెడిట్లు తానే కూడుకోవాలి. కూడిక తప్పులు మనం అనుకున్నంత అరుదు కావు. 40 శాతం లెక్కలో దశాంశం వస్తే కింది అంకెకే దించాలన్నది కాకినాడ పద్ధతి. ఆ అర క్రెడిట్ దగ్గర కూడా పోట్లాడవలసి రావచ్చు.

గుంటూరు చుట్టుపక్కల చాలా కాలేజీలకు అటానమస్ హోదా ఉంది. వాటి రెగ్యులేషన్ పుస్తకం వాటిదే. చేరేటప్పుడు ఇంగ్లిష్‌లో చేతికిస్తారు, డిటెయిన్ అయిన రోజున తెరుస్తాం. అందులో ప్రమోషన్ పేజీలో రెండు మాటలు వెతకండి: ‘అప్పటిదాకా మొత్తం’ అని ఉందా, ‘ఆ ఏడాదికి’ అని ఉందా. రెండోది ఉంటే అకడమిక్ కౌన్సిల్‌ను అడగాల్సింది అదే. మూడేళ్లలో డిటెయిన్ అయినవాళ్లెందరు, ఏ ఏడాదిలో, ఏ కేటగిరీవాళ్లు అన్న లెక్కను యూనివర్సిటీ నుంచి సమాచార హక్కు కింద తీసుకోవచ్చు, ఎందుకంటే యూనివర్సిటీ ప్రభుత్వ సంస్థ. డిటెయిన్ అయినవాళ్లలో మొదటి రెండేళ్లవాళ్లే ఎక్కువా, వాళ్లలో ఎస్సీ, ఎస్టీ పిల్లల వంతు అడ్మిషన్లలో ఉన్న వంతుకన్నా ఎక్కువా అని ఆ కాగితంలో చూడాలి. దరఖాస్తు ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు. మిరప కోతలు మొదలయ్యేలోగా ఆ కాగితం చేతికి రావాలంటే దరఖాస్తు నవంబర్‌లోనే వేయాలి.