ఆడిటర్ సంతకం ఉందిగా... ఇంకేం భయం?

మొన్న ఆదివారం మా బాబాయి ఓ కంపెనీ వార్షిక నివేదిక పట్టుకొచ్చాడు. రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులో కొంత అందులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామని ఆయన ఆలోచన. ‘ఇదిగో చూడమ్మా, ఆడిటర్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా సంతకం పెట్టేశాడు. ఇంకేం భయం?’ అన్నాడు.

మనలో చాలామంది అనుకునేది అదే. ఆడిటర్ సంతకమంటే కంపెనీ భేషుగ్గా ఉన్నట్టు, అందులో మోసమేమీ లేనట్టు! నిజానికి ఆ సంతకం రెండింటిలో దేనికీ హామీ కాదు. మనం అనుకునేదానికీ, ఆడిటర్ నిజంగా చెప్పేదానికీ మధ్య ఉన్న ఈ తేడాకి అకౌంటెన్సీ చదువుల్లో ఓ పేరే ఉంది... ‘ఎక్స్‌పెక్టేషన్ గ్యాప్’.

ముందు ఆరోగ్యం సంగతి చూద్దాం. జ్వరం నూట నాలుగుంటే థర్మామీటరూ నూట నాలుగే చూపించాలి. అలా చూపిస్తే థర్మామీటర్ మంచిదే, మనిషికి మాత్రం జబ్బు. ఆడిటర్ మాటా అంతే. వంద కోట్లు నష్టపోయిన కంపెనీ ఆ నష్టాన్ని దాచకుండా చూపిస్తే, ఆ లెక్కలు సరైనవేనని ఆడిటర్ సంతకం పెడతాడు. అంటే కితాబు లెక్కలకే కానీ వ్యాపారానికి కాదు.

మరి మోసం సంగతి? లక్ష బిల్లులుంటే ఆడిటర్ లక్షా చూడడు. కొన్నిటిని ఎంచుకుని తనిఖీ చేస్తాడు. నివేదిక చదివేవాళ్ల నిర్ణయాన్ని మార్చేంత పెద్ద తప్పు లేదని తగినంత నమ్మకం కుదిరితే సంతకం పెడతాడు. ఆ నమ్మకం గట్టిదే కానీ నూటికి నూరు పాళ్లు కాదు. పైవాళ్లే కూడబలుక్కుని దొంగ కాగితాలు సృష్టిస్తే, నిజాయతీగా పనిచేసే ఆడిటరూ బోల్తా పడొచ్చు.

అలాగని ప్రతిసారీ ‘మోసం పట్టడం మా పని కాదు’ అని తప్పించుకోవడానికీ వీల్లేదు. లెక్కలను తలకిందులు చేసేంత పెద్ద మోసాన్ని అనుమానించి, వెతికి చూడాల్సిన బాధ్యత ఆడిటర్‌దే. అందుకు మన హైదరాబాద్‌లోనే ఉదాహరణ ఉంది... సత్యం కంప్యూటర్స్.

2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాసి అసలు సంగతి బయటపెట్టారు. 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు అసలు లేనేలేవు! షేరు ధర ఆ ఒక్క రోజే నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. అప్పటిదాకా ఏటా ఆ లెక్కలకు ఆడిటర్ల సంతకాలు పడుతూనే ఉన్నాయి.

బ్యాంకులో డబ్బుందో లేదో తెలుసుకోవడం అంత కష్టమా? పద్ధతి చాలా సులువు. ఏ ఖాతాలో ఫలానా తేదీన ఎంత ఉందో చెప్పమని బ్యాంకుకు ఉత్తరం రాయాలి. దాని మీద కంపెనీ సమ్మతి సంతకం చేస్తుంది, అంతే. దాన్ని పంపాల్సింది ఆడిటరే. జవాబు కూడా కంపెనీ చేతికి అందకుండా నేరుగా ఆడిటర్ ఆఫీసుకే రావాలి. అంకెల్లో తేడా ఉంటే అక్కడే ఆగి ఆరా తీయాలి.

సత్యం విషయంలో ఈ చిన్న గొలుసే తెగింది. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో తేల్చిన దాని ప్రకారం... ఉత్తరాలు పంపే పనీ, జవాబులు తీసుకునే పనీ ఆడిటర్లు కంపెనీ యాజమాన్యానికే వదిలేశారు. దొంగ చేతికే తాళాలిచ్చినట్టన్నమాట! 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో పాటు ఇద్దరు ఆడిటర్లకూ ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. అప్పీలు మీద ఆ మే నెలలో పై కోర్టు శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

కాబట్టి తేడా రెండు రకాలు. మనం ఆడిటర్ నుంచి ఎక్కువ ఆశించడం ఒకటి, ఆడిటర్ చేయాల్సింది చేయకపోవడం రెండోది. మొదటిది మనం తెలుసుకుంటే పోయేది. రెండోది శిక్షలతో, నిఘాతో దిద్దాల్సింది.

బాబాయితో కలిసి ఆ నివేదికను మళ్లీ తిరగేశాం. సంతకం కన్నా ముందు దాని పైనున్న పేరాలు చదివాం. కంపెనీ మనుగడ మీదే అనుమానముంటే ఆడిటర్ రాసేది అక్కడే. తర్వాత లాభమెంతో, నిజంగా చేతికొచ్చిన నగదెంతో పోల్చాం. మూడేళ్లుగా లాభం పెరుగుతున్నా వ్యాపారం నుంచి వచ్చే నగదు తగ్గుతూనే ఉంది. అదొక్కటే మోసమని కాదు, అరువు అమ్మకాలు పెరిగినా అలా జరగొచ్చు. సత్యంలో లాగా నగదే దొంగదైతే ఈ పోలికా పనిచేయదు.

‘అయితే ఆ డబ్బంతా ఒక్కచోటే పెట్టకూడదన్నమాట’ అన్నాడు బాబాయి. ఆ మాట మాత్రం ఏ ఆడిటరూ చెప్పడు... మనకి మనమే చెప్పుకోవాలి.