కప్పు కింద చేరే గాలి

పోయిన నెల సంచిక చూసి ఒక తల్లి ఫోన్ చేశారు. ఆమె కొడుకు టవల్ కార్ఖానాలో బ్యాటరీ బండ్లు చార్జింగుకు పెట్టే ఖోలీలో రాత్రి పాళీ చేస్తాడు. "అన్నా, ఫ్యాను పెడితే కరెంటు దండగ, కిటికీ తెరిస్తే దూది నూగు లోపలికొస్తుంది అని సేటు అంటున్నాడట. పిల్లాడికి ఏమైనా అవుతుందా?" అని అడిగారు. ఫోన్లో రెండు ముక్కలు చెప్పాను గాని, ఆ మాటను ఈ నెల అందరికీ వివరంగా చెప్పాలనిపించింది. సోలాపూర్లో మన పిల్లలు ఇలాంటి ఖోలీల్లో చాలామందే ఉన్నారు.

సీసం, ఆసిడ్ కలిసిన బ్యాటరీ చార్జింగు మొదట్లో బుద్ధిమంతుడిలా ఉంటుంది. ముక్కాలు భాగం పైగా నిండాక, ఒక్కో సెల్లు 2.4 వోల్టుల దగ్గరికి వచ్చినప్పుడు, లోపలికి వెళ్లే కరెంటు నీళ్లను విడగొట్టడం మొదలుపెడుతుంది. అన్నం ఉడుకుతున్నట్టు బుడబుడ వినిపించేది అప్పుడే. ఆ బుడగల్లో హైడ్రోజన్, ఆక్సిజన్ ఉంటాయి. హైడ్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. గొంతులో గీరుకునే పుల్లటి ఘాటు హైడ్రోజన్‌ది కాదు, బుడగలతో పాటు లేచే ఆసిడ్ తుంపర్లది. కాబట్టి "వాసనేం లేదు, బాగానే ఉంది" అనే మాటకు ఆ ఖోలీలో విలువ లేదు.

గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే తెలిసినవాళ్లు 1 శాతం దాటనివ్వరు.

నేను ఎలక్ట్రీషియన్‌గా చేసిన మిల్లులో బేళ్లు మోసే బ్యాటరీ బండ్లు రెండుండేవి. ఒక్కో బ్యాటరీ 48 వోల్టులు, అంటే 24 సెల్లులు, 400 ఆంపియర్ అవర్లు. ఖోలీ 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. ఒక చలికాలం రాత్రి ఇద్దరు హెల్పర్లు అక్కడే పడుకున్నారు. చలికి తట్టుకోలేక పైనున్న జాలీలో గోనెసంచి కుక్కారు. చప్పుడని ఫ్యాను ఆపేశారు. తెల్లవారుజామున ఒకడు లేచి, చార్జరు ఆపకుండానే బ్యాటరీ క్లిప్పు పీకాడు. చిటుక్కుమని రవ్వ లేచింది. రెండు సెల్లుల మూతలు పేలి ఆసిడ్ వాడి మొహం మీద పడింది. పక్కవాడు కుళాయి కిందికి లాగి చాలాసేపు నీళ్లు పోయబట్టి చూపు మిగిలింది గాని, ఒక కన్ను ఈ రోజుకీ మసకే.

ఆ రోజు పేలింది సెల్లుల్లో నిలిచిన గాలి మాత్రమే. ఖోలీ మొత్తం ఎంత దగ్గర్లో ఉందో తర్వాత కూర్చుని లెక్క వేశాను. మీరూ చూడండి.

ఒక సెల్లులో ఒక ఆంపియరు గంటసేపు నీళ్లను విడగొడితే దాదాపు 0.42 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. చివర్లో మా చార్జరు 20 ఆంపియర్లు ఇచ్చేది. 24 × 20 × 0.42 అంటే ఒక బ్యాటరీకి గంటకు సుమారు 200 లీటర్లు. రెండు బ్యాటరీలకు 400. ఖోలీలో గాలి 36 ఘనమీటర్లు, అంటే 36,000 లీటర్లు. గాలి ఆడకపోతే ఒక్క గంటలో 1 శాతం దాటుతుంది. మూడున్నర గంటల్లో 4 శాతం దగ్గరికి వస్తుంది. అదీ ఖోలీ అంతటా సమంగా పరుచుకుంటేనే. హైడ్రోజన్ అన్నిటికన్నా తేలిక, నేరుగా కప్పుకు ఎక్కుతుంది. అక్కడ దూలాల మధ్య చేరితే ఆ మూలలో ముందే ప్రమాదం వస్తుంది. ఆ రాత్రి తలుపు కింది సందే మమ్మల్ని కాపాడి ఉంటుంది.

మరి ఎంత గాలి కావాలి? సెల్లుల సంఖ్యను చివరి ఆంపియర్లతో గుణించి, దాన్ని 0.05తో గుణిస్తే గంటకు ఎన్ని ఘనమీటర్ల గాలి మారాలో వస్తుంది. ఒక పాలు హైడ్రోజన్‌ను 4 శాతానికి దించాలంటే 24 పాళ్ల గాలి కలవాలి. భద్రత కోసం దానికి అయిదు రెట్లు పట్టుకుంటే ఈ లెక్క వచ్చింది. 24 × 20 × 0.05 అంటే 24. రెండు బ్యాటరీలకు 48 ఘనమీటర్లు. ఇది పెద్ద లెక్కేం కాదు. చిన్న ఎగ్జాస్టు ఫ్యానే గంటకు కొన్ని వందల ఘనమీటర్లు లాగుతుంది. సేటు చెప్పే కరెంటు దండగ ఒక బల్బు ఖర్చు లాంటిది.

ఫ్యాను లేకుండా కూడా నడుస్తుంది, కన్నాలు సరిగ్గా ఉంటే. కావలసిన గాలిని 28తో గుణిస్తే కన్నం ఎన్ని చదరపు సెంటీమీటర్లు ఉండాలో తెలుస్తుంది. మాకు 48 × 28, అంటే 1,344. సుమారు 37 సెంటీమీటర్ల చదరపు కన్నం. ఒకటి కాదు, రెండు కావాలి. చల్లగాలి వచ్చేది ఒక గోడకు నేల దగ్గర, వేడిగాలి పోయేది ఎదుటి గోడకు కప్పు ఆనుకుని. రెండూ ఒకే గోడకు ఉంటే గాలి దగ్గరి దారిన వచ్చి పోతుంది, మూలలు అలాగే ఉండిపోతాయి. ఇక సీలింగు ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది, బయటికి పంపదు.

మన మిల్లుల్లో అసలు చిక్కు దూది నూగు. జాలీకి నూగు పట్టి, నెల తిరిగేసరికి కన్నం సగం మూసుకుపోతుంది. చూడ్డానికి జాలీ అలాగే ఉంటుంది. అందుకే వారానికోసారి బ్రష్షుతో దులపాలి. చార్జింగు పెట్టక ముందు దారానికి చిన్న దూది పింజ కట్టి కింది కన్నం దగ్గర పట్టుకోండి. లోపలికి వాలితే గాలి వస్తున్నట్టు. పై కన్నం దగ్గర బయటికి వాలాలి. కదలకపోతే చార్జరు ఆన్ చేయొద్దు. దీనికోసం అగ్గిపుల్ల, ఊదుబత్తి మాత్రం వెలిగించకండి.

ఫ్యాను మోటారులో రవ్వ రావచ్చు కాబట్టి, పోయే గాలి దానిమీదుగా పోకూడదు. రవ్వ రాని రకం మోటారు వాడాలి, లేదా కింది నుంచి మంచి గాలి తోసేలా ఫ్యాను పెట్టాలి. స్విచ్చు ఖోలీ బయట ఉండాలి. ఫ్యాను తిరగకపోతే చార్జరుకు కరెంటే రాకుండా వైరింగు చేయించితే ఇంకా మంచిది. ఆ ప్రమాదం తర్వాత మా మిల్లులో నేను చేసిన మొదటి పని అదే. చార్జింగు అయ్యాక కూడా గంటసేపు ఫ్యాను తిరగాలి, సెల్లుల్లో మిగిలిన గాలి మెల్లగా వస్తూనే ఉంటుంది. ముందు చార్జరు ఆపాలి, తర్వాతే క్లిప్పు తీయాలి. ఈ వరస తప్పినందుకే ఆ కన్ను పోయింది.

ఇళ్లలో ఇన్వర్టరుకూ ఇదే లెక్క. 12 వోల్టుల బ్యాటరీలో 6 సెల్లులు. చివర్లో 5 ఆంపియర్లు పోతే గంటకు 12 లీటర్ల పైచిలుకు. అర ఘనమీటరు అలమారాలో పెట్టి తలుపు మూస్తే అరగంటలోపే 1 శాతం దాటుతుంది. మంచం కిందా, దేవుడి దీపం కిందా పెట్టొద్దు. పైనా కిందా గాలి ఆడే చోట పెట్టండి.

ఆ తల్లికి చెప్పిందే మళ్లీ చెప్తున్నాను. రేపు కొడుకు డ్యూటీకి వెళ్లేటప్పుడు చేతికి ఒక దూది పింజ, మూరెడు దారం ఇవ్వండి. అది కదలని రోజు చార్జరు ఆన్ చేయొద్దని, ఖోలీలో అస్సలు పడుకోవద్దని చెప్పండి. సేటు ఒప్పుకోకపోతే ఈ లెక్క కాగితం మీద రాసి చూపించమనండి.