వరండా దీపం, 12 వోల్టులు

అహేరి నుంచి ఒక తల్లిగారు రాశారు: "మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఇంట్లో వైరింగు తనే చేస్తానంటున్నాడు. భయంగా ఉంది."

అమ్మా, గోడ స్విచ్చు జోలికి వెళ్ళనివ్వకండి. 12 వోల్టుల బ్యాటరీతో వరండాలో దీపం పెడతానంటే మాత్రం సరేననండి. తడిచేతులతో మన ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుందాం. ఇంటి కరెంటు 230 వోల్టులు కనుక 230 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. గుండె లయ తప్పడానికి అంతకంటే తక్కువే చాలు. 12 వోల్టులకు పారేది 12 మాత్రమే. పొడిచేతికైతే తగిలినట్టే తెలియదు. వానాకాలం మీ ప్రాణహిత ఒడ్డున గోడలు చెమ్మెక్కుతాయి కదా, ఆ రోజుల్లో ఈ తేడా మరీ ముఖ్యం.

అలాగని బ్యాటరీ ఆటబొమ్మ కాదు. ఇక్కడ షాకు కంటే నిప్పుకే భయపడాలి. రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలితే క్షణాల్లో ఎర్రగా కాలతాయి. అందుకని ప్లస్ వైరుకు, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టించండి. 5 వాట్ల దీపం లాగేది 0.4 ఆంపియరు, 1 ఆంపియరు ఫ్యూజు సరిపోతుంది. అది పోతే పెద్దది వేయడం కాదు, వైరు ఎక్కడ ఒరుసుకుందో వెతకాలి.

దీపానికి వేరే వైరు లాగాలి, గోడలోని పాత వైర్లతో కలపకూడదు. ఛార్జరు లోపల ఉండేది 230 వోల్టులే కనుక దాని మూత విప్పనివ్వకండి.