ఒక తాళంచెవి, పది షాట్లు

గుమ్మడిదల నుంచి ఇంటర్ చదివే ముగ్గురు ఫ్రెండ్స్ ఒక కథ పంపారు. నిమిషం వీడియో, ఫోన్ నిలువుగా పట్టుకుని తీస్తారట. "కథ ఓకేనా? షూట్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?" అని అడిగారు.

కథ చిన్నదే. నాన్నకి ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు. పొద్దున ఆరు తర్వాత షేర్ ఆటోలో వస్తాడు. కూతురు అదే టైమ్‌కి కాలేజీకి బయల్దేరుతుంది. ఇంటికి తాళంచెవి ఒక్కటే. బస్టాప్‌లో అది ఆయన చేతిలో పెట్టి ఆమె బస్సెక్కాలి. ముందు ఏది వస్తుంది, నాన్న ఆటోనా, ఆమె బస్సా? అంతే కథ. నాకైతే భలే నచ్చింది.

షూట్ మొదలయ్యేది బస్టాప్‌లో కాదు, కాగితం మీద. ముందు కథని షాట్లుగా విడగొట్టాలి. నేనైతే ఇలా రాస్తాను:

1. వైడ్. తెల్లవారుతోంది, బస్టాప్‌లో అమ్మాయి ఒక్కతే. 5 సెకన్లు
2. క్లోజప్. వేళ్ల మధ్య తాళంచెవి తిరుగుతోంది. 3
3. క్లోజప్. ఆమె ముఖం, చూపు ఎడమకి. 4
4. ఆటోలో నాన్న, రాడ్డుకి తల ఆనించి కునుకు. 6
5. దూరంగా కుడివైపు నుంచి బస్సు లైట్లు. 4
6. ఆమె ముఖం. కుడికి చూసి, మళ్లీ ఎడమకి. 5
7. వైడ్. ఎడమ నుంచి ఆటో వచ్చి రోడ్డు అవతల ఆగింది. నాన్న దిగాడు. 6
8. అమ్మాయి భుజం మీదుగా, రోడ్డు దాటి వస్తున్న నాన్న. 6
9. క్లోజప్. తాళంచెవి ఆయన చేతిలోకి, క్యాంటీన్ బిస్కెట్ ప్యాకెట్ ఈమె చేతిలోకి. 6
10. వైడ్. ఫ్రేమ్ నిండా బస్సు. అది ఎడమకి కదిలిపోగానే, అవతల ఇంటి వైపు నడుస్తున్న నాన్న. 10

మొత్తం 55 సెకన్లు. ఒక్క డైలాగూ లేదు.

ఇందులో "ఎడమ, కుడి" అని ఇన్నిసార్లు ఎందుకు రాశానో చెప్తాను, అసలు పాయింట్ అదే. ఇది బాలానగర్–నర్సాపూర్ రోడ్డు. హైదరాబాద్ వెళ్లే బస్సులు ఆగే పక్కన నిలబడి రోడ్డు వైపు చూస్తే, ఎడమచేతి వైపు బొంతపల్లి, కుడిచేతి వైపు నర్సాపూర్. నాన్న ఆటో బొంతపల్లి నుంచి వస్తుంది, అంటే ఎడమ నుంచి. ఆమె ఎక్కాల్సిన బస్సు నర్సాపూర్ నుంచి వస్తుంది, అంటే కుడి నుంచి. ఆమె ఎదురుచూసేది ఒకవైపు, తీసుకెళ్లిపోయేది ఇంకోవైపు. ఈ కథలో టెన్షన్ మొత్తం ఆ రెండు దిక్కుల మధ్యే ఉంది.

అందుకే రోడ్డు అంచున ఒక గీత ఉందనుకోండి. కెమెరా ఎప్పుడూ ఆ గీతకి బస్టాప్ వైపే ఉండాలి. బాగుంటుంది కదా అని మూడో షాట్‌ని రోడ్డు అవతల నుంచి తీశారనుకోండి, ఆమె చూపు స్క్రీన్ మీద కుడికి తిరిగిపోతుంది. చూసేవాళ్లకి ఆమె బస్సు కోసం చూస్తున్నట్టు అనిపిస్తుంది. నాలుగో షాట్ కూడా అంతే. నాన్న ముఖం కుడివైపుకి ఉంటే కూతురి దగ్గరికి వస్తున్నట్టు, ఎడమకి ఉంటే దూరంగా పోతున్నట్టు. మనిషి అదే, ఆటో అదే, అర్థం మాత్రం తలకిందులు.

దీన్ని ముందే పట్టుకోవడానికే స్టోరీబోర్డు. 1967లో 'సాక్షి'తో దర్శకుడైన బాపు సీన్లని ముందే బొమ్మలుగా గీసుకునేవారు. ఆయనంటే బొమ్మల బాపు, మనకి ఆ చెయ్యి లేదు. అక్కర్లేదు కూడా. పేజీలో పది నిలువు డబ్బాలు గీయండి. మనిషికి ఒక గుండ్రం, ఒక గీత చాలు. కానీ ప్రతి డబ్బాలో చూపు ఎటో ఒక బాణం, కదలిక ఎటో ఇంకో రంగు బాణం తప్పకుండా వేయండి. మూడో డబ్బాలో చూపు బాణం ఎడమకి, ఏడో డబ్బాలో ఆటో బాణం ఎడమ నుంచి కుడికి. ఆ రెండూ ఎదురెదురుగా ఉంటే కథ కుదిరినట్టే.

నిలువు ఫ్రేమ్‌లో ఇంకో చిక్కు. అది సన్నం కాబట్టి ఇద్దరు మనుషులు పక్కపక్కన దూరంగా పట్టరు. అందుకే ఎనిమిదో షాట్‌ని భుజం మీదుగా పెట్టాను. ఆమె దగ్గర, ఆయన దూరం, ఒకరి వెనక ఒకరు. డబ్బా కింది పావు భాగం ఖాళీగా వదిలేయండి. పోస్ట్ చేశాక అక్కడ పేరు, క్యాప్షన్ వచ్చి కూర్చుంటాయి. తాళంచెవి అక్కడ పడితే కథే కనబడదు.

ఇప్పుడు షూట్ ఆర్డర్. కథ ఆర్డర్‌లో తీయకండి. జనవరిలో ఇక్కడ సూర్యోదయం 6.45 అటూ ఇటూ, మేలో 5.45 అటూ ఇటూ. ఆ మెత్తని వెలుగు అరగంట, ముప్పావుగంట దొరుకుతుంది. ఒక్కో షాట్‌కి సర్దుకోవడం, రెండు టేకులు కలిపి పది నిమిషాలు వేసుకోండి. అంటే తెల్లవారుజామున నాలుగు షాట్లకి మించి కావు.

కాబట్టి 1, 7, 10 షాట్లని ట్రైపాడ్ కదపకుండా ఒకే చోట నుంచి, ముందుగా తీసేయండి. వెంటనే 8. బస్సు మన మాట వినదు, రెండో టేకుకి వెనక్కి రాదు. అయిదో షాట్‌లో మనుషులు లేరు కాబట్టి ఇంకో పొద్దున, అదే టైమ్‌కి తీయొచ్చు. పదో షాట్‌కి కూతురు అక్కర్లేదు. నాన్న వేషం వేసినాయన అవతల రెడీగా ఉంటే చాలు, ఏ బస్సు ఆగి కదిలినా ఒక ఛాన్స్. మిగిలిన క్లోజప్‌లు ఎండొచ్చాక ఏదైనా గోడ నీడలో తీసుకోవచ్చు. చూపు ఫ్రేమ్‌లో ఎడమకి ఉందా లేదా అన్నదే లెక్క. నాలుగో షాట్‌కి ఆటో నడపాల్సిన పని కూడా లేదు. ఆపిన ఆటోని వెనక నుంచి ఒకరు మెల్లగా ఊపితే, ముఖానికి దగ్గరగా పెట్టిన ఫ్రేమ్‌లో అది నడుస్తున్నట్టే ఉంటుంది.

రోజులు మారతాయి కాబట్టి లిస్టులో చివర ఒక గడి పెంచండి: బ్యాగు ఏ భుజానికి, తాళంచెవి ఏ చేతిలో, జడ ముందుకా వెనక్కా. రెండో షాట్‌లో కుడిచేతిలో ఉన్న తాళంచెవి తొమ్మిదో షాట్‌లో ఎడమచేతిలోంచి వస్తే, కామెంట్లన్నీ దాని గురించే. ఒక హెచ్చరిక: ఆ రోడ్డు మీద లారీలు, ట్యాంకర్లు ఆగవు. ఎనిమిదో షాట్‌కి ఒకరు కెమెరా చూడకుండా రోడ్డునే చూస్తూ ఉండాలి. లిస్టులో ఆ పేరు కూడా రాయండి.

షూట్‌కి ముందురోజు ఒక టెస్ట్. బస్టాప్‌కి వెళ్లి పది డబ్బాలకి పది ఫోటోలు తీయండి, అమ్మాయి స్థానంలో మీలో ఒకరు నిలబడినా సరే. గ్యాలరీలో వరసగా పెట్టి, కథ తెలియని ఒకరికి చూపించండి. మీరు ఒక్క మాటా చెప్పొద్దు. ఆఖర్న రెండే అడగండి: "ఆమె ఎవరి కోసం చూస్తోంది? బస్సు ఎటు నుంచి వచ్చింది?" ఆ రెండింటికీ తడుముకోకుండా జవాబు వస్తే మర్నాడు పొద్దున అలారం పెట్టుకోండి. రాకపోతే ఏ ఫోటో దగ్గర ఆగారో చూసి, ఆ ఒక్క డబ్బా చెరిపి మళ్లీ గీయండి. పెన్సిల్‌తో గీయమనేది అందుకే.