లైకుకు అర మార్కు, జవాబుకు పదమూడున్నర

ఒక షేర్ ఇన్ని లైకులతో సమానం, ఒక సేవ్ అన్ని లైకులతో సమానం అంటూ మారకపు రేట్ల పట్టికలు సోషల్ మీడియా పాఠాలు చెప్పేవాళ్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. రీల్ చివర వినిపించే ‘సేవ్ చేసుకోండి, ఫ్రెండ్స్‌కి పంపండి’ అన్న వేడుకోలు వెనక ఉన్నదీ ఆ పట్టికే. లైకు కంటే షేరుకు బరువెక్కువ అన్న మాటలో నిజం లేకపోలేదు. అయితే అది అన్ని యాప్‌లకూ వర్తించే నిజం కాదు, ఒకే యాప్‌లో చూసేవాళ్లందరి విషయంలోనూ నిజం కాదు. ఈ కంపెనీలు తమ లెక్కను గుట్టుగానే ఉంచుకుంటాయి కాబట్టి, అంకెలు బయటపడిన ఒకటి రెండు సందర్భాలను పట్టుకుని చూడాలి. చూస్తే ఆ పట్టికల పునాదిలోనే ఉన్న పొరపాటు కనబడుతుంది.

2023 మార్చి 31న ట్విటర్ తన సిఫార్సు వ్యవస్థ కోడులో కొంత భాగాన్ని అందరికీ కనబడేలా పెట్టింది. టైమ్‌లైన్‌లో ఏ పోస్టు ముందు రావాలో తేల్చడానికి అప్పట్లో వాడిన పది గుర్తులు, వాటి బరువులు అందులో ఉన్నాయి. లైకుకు 0.5, రీట్వీటుకు 1, జవాబు రాస్తే 13.5, ఆ జవాబును పోస్టు పెట్టినవారు కూడా పట్టించుకుంటే 75. వీడియోను సగం దాకా చూడడానికి 0.005 మాత్రమే. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మైనస్ 369. షేరే రాజు అనేవాళ్లకు ఇక్కడే మొదటి ఇబ్బంది ఎదురవుతుంది. షేరుకు దగ్గరి బంధువైన రీట్వీటు, లైకుకు రెండింతలు మాత్రమే. మనం సేవ్ అనుకునే బుక్‌మార్క్ ఆ పది గుర్తుల్లో అసలు లేనే లేదు. పైకి చూస్తే మాటకు మాట పెరగడమే ఆ వేదికకు కావాలన్నట్టు బరువంతా అటు మొగ్గింది.

అసలు పొరపాటు మాత్రం మరోచోట ఉంది. ఈ బరువులను పోస్టుకు వచ్చిన లైకుల సంఖ్యతోనో షేర్ల సంఖ్యతోనో గుణించరు. పోస్టును మీకు చూపించక ముందే, మీరు దాన్ని లైక్ చేసే అవకాశం ఎంత, జవాబు రాసే అవకాశం ఎంత అని యంత్రం అంచనా కడుతుంది. ఒక్కో అవకాశాన్ని దాని బరువుతో గుణించి అన్నిటినీ కలుపుతుంది. ఉదాహరణకు ఒక పోస్టును మీరు లైక్ చేసే అవకాశం 2 శాతం, రీట్వీట్ చేసే అవకాశం 0.3 శాతం, జవాబు రాసే అవకాశం 0.2 శాతం అనుకుందాం. లైకు వాటా 0.01 అవుతుంది, రీట్వీటు వాటా 0.003, జవాబు వాటా 0.027. లైకులో పదో వంతు అవకాశమే ఉన్న జవాబు చివరి స్కోరులో లైకుకు దాదాపు మూడింతలు తెచ్చింది. లైకుకు రెండింతల బరువున్న రీట్వీటేమో లైకు తెచ్చినదానిలో మూడో వంతు కూడా తేలేదు.

బరువులు ఇంత ఎగుడుదిగుడుగా ఎందుకున్నాయన్నదానికి ఆ కోడుతో పాటు ఇచ్చిన వివరణలోనే జవాబు ఉంది. సగటున ప్రతి చర్యా చివరి స్కోరుకు దాదాపు సమానంగా తోడ్పడేలా మొదట వాటిని నిర్ణయించారు, ఆ తర్వాత తమ అవసరాలను బట్టి సవరిస్తూ వచ్చారు. అంటే జవాబు అరుదు కనుక దాని బరువు పెద్దది. సగం వీడియో చూడడం అడుగడుగునా జరిగేది కనుక దాని బరువు చిన్నది. ఈ అంకెల్లో చర్య విలువ ఎంతుందో, కేవలం దాని అరుదుతనం ఎంతుందో విడదీయకుండా ‘ఒక జవాబు ఇరవై ఏడు లైకులకు సమానం’ అని చాటింపు వేయడం గణితాన్ని తలకిందులుగా చదవడమే.

ఇన్‌స్టాగ్రామ్ ఇలా అంకెలను బయటపెట్టలేదు. కానీ దాని అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో మూడు గుర్తులు ముఖ్యమని చెప్పారు: చూసిన సమయం, రీచ్‌లో లైకుల వాటా, రీచ్‌లో ఇతరులకు పంపినవాటి వాటా. దానికి చేర్చిన మాట ఇంకా ముఖ్యం. ఫాలోవర్లకు చేరే విషయంలో లైకులకు కాస్త ఎక్కువ ప్రాధాన్యం, ఫాలో కానివాళ్లకు చేరాలంటే పంపకాలకు ఎక్కువ ప్రాధాన్యం. ఇందులో తర్కం ఉంది. తెలిసిన పేజీకి లైకు కొట్టడం చాలాసార్లు పలకరింపు లాంటిది. ఒక రీల్‌ను ఫలానా మనిషికి మెసేజ్‌లో పంపడానికి మాత్రం ఆ మనిషి గుర్తుకు రావాలి. పైగా పంపిన ప్రతిసారీ ఇంకొకరు యాప్ తెరిచే అవకాశం ఉంటుంది, కంపెనీకి అది రొక్కం.

దీన్ని పోస్టు పెట్టేవారి వైపు నుంచి చూద్దాం. ఒక వంటల పేజీ పెట్టిన రెండు రీళ్లు చెరి పదివేల మందికి చేరాయనుకోండి. పండుగ శుభాకాంక్షల రీల్‌కు 900 లైకులు, 40 పంపకాలు వచ్చాయి. గోంగూర పచ్చడి నిల్వ చేసే పద్ధతికి 350 లైకులు, 220 పంపకాలు వచ్చాయి. మొదటిదాంట్లో లైకులు 9 శాతం, పంపకాలు 0.4 శాతం. రెండోదాంట్లో లైకులు 3.5, పంపకాలు 2.2 శాతం. మొస్సేరి చెప్పిన లెక్క ప్రకారం మొదటిది పాత చుట్టాల మధ్యే తిరుగుతుంది, రెండోది ఊరు దాటే అవకాశం ఎక్కువ. పేజీకి ఏది కావాలో తేలకుండా ఏది గెలిచిందన్న ప్రశ్నకు అర్థం లేదు.

షేర్, సేవ్ నిజాయితీ గల గుర్తులు, లైకు పైపై మర్యాద, కాబట్టి షేర్, సేవ్‌ల బరువు పెంచితే మంచి సరుకే పైకొస్తుంది కదా అని అడగవచ్చు. ఫేస్‌బుక్ ఆ ప్రయోగం చేసింది. 2018లో లైకుకు 1 పాయింటు, వ్యాఖ్య రాయకుండా చేసిన షేరుకు 5, చెప్పుకోదగ్గ కామెంటుకో షేరుకో 30 అని లెక్క పెట్టుకున్నట్టు 2021లో బయటికొచ్చిన అంతర్గత పత్రాలు చూపించాయి. కోపం రగిల్చే పోస్టులకే కామెంట్లూ షేర్లూ ఎక్కువ దక్కాయని కంపెనీ సొంత పరిశోధకులే హెచ్చరించారు. ఒకప్పుడు లైకుకు అయిదింతలు విలువ కట్టిన కోపపు ఎమోజీని 2020 సెప్టెంబరు నాటికి సున్నాకు దించారు. బరువు పెరిగిందని తెలిసిన ఏ గుర్తునైనా జనం దానికోసమే తయారుచేయడం మొదలుపెడతారు, షేరుకు ఇందులో మినహాయింపు లేదు. సేవ్ మాటేమిటంటే, 2021లో ఫీడ్‌కు ముఖ్యమైన అయిదు చర్యలను ఇన్‌స్టాగ్రామ్ చెప్పినప్పుడు అందులో సేవ్ ఉంది. 2023లో మళ్లీ చెప్పినప్పుడు ఆ స్థానంలో షేర్ కనిపించింది. ఎక్స్‌ప్లోర్ జాబితాలో మాత్రం సేవ్ అలాగే ఉంది.

రీప్లే వీటన్నిటికంటే జారుడు గుర్తు. ఏడు సెకన్ల రీల్‌ను రెండుసార్లు చూస్తే పద్నాలుగు సెకన్లు, వంద శాతం దాటిన లెక్క. నిమిషం రీల్‌లో నలభై శాతం చూస్తే ఇరవై నాలుగు సెకన్లు. శాతంలో మొదటిది గెలుస్తుంది, సమయంలో రెండోది. చదవడానికి వ్యవధి లేనంత వచనాన్ని అయిదు సెకన్ల వీడియోలో కుక్కి మళ్లీ మళ్లీ తిప్పించేవాళ్లు ఆ మొదటి అంకె కోసమే చేస్తారు. అయినా రీప్లే పనికిరానిదని కాదు. ముగ్గు గీసే చేతి కదలిక కోసమో, ఒక పాట చరణం కోసమో వెనక్కి వెళ్లే ప్రేక్షకుడు నిజంగానే ఏదో చెబుతున్నాడు. కానీ అది చూసిన సమయంలో కలిసిపోయే సంగతి, విడిగా ఖాతా తెరవాల్సినది కాదు. కాబట్టి ఒకే నిడివి ఉన్న రీళ్లనే పక్కపక్కన పెట్టి, ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్లు ఎందరు, బయటివాళ్లు ఎందరు అన్నది కూడా చూడాలి. రీప్లేలు పెరిగి బయటివాళ్ల వాటా కదలకపోతే, మళ్లీ మళ్లీ చూసింది బహుశా పాత ఫాలోవర్లే.