80 శాతం తేమలో ఎండిన పెదవులు

జనవరి ఉదయం ఆష్‌బర్న్‌లో ఫోన్ తీస్తే బయట సున్నా డిగ్రీల సెల్సియస్, తేమ 80 శాతం అని కనిపించడం మామూలే. ఇంట్లో మాత్రం పెదవులు పగులుతాయి, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది, కొందరు పిల్లలకు రాత్రిపూట ముక్కులోంచి రక్తం వస్తుంది. హీటర్ గాలిలోని తడంతా పీల్చేస్తోందని మనవాళ్లు అంటూంటారు. నిజానికి అది ఒక్క చుక్క కూడా పీల్చదు.

ఫోన్‌లో కనిపించేది సాపేక్ష ఆర్ద్రత. ఆ చలిలో గాలిలో నిలవగలిగిన ఆవిరిలో ఎంత వంతు ఉందో అది చెబుతుంది. అసలు ఎన్ని గ్రాముల నీరుందో చెప్పేది నిరపేక్ష ఆర్ద్రత. సున్నా డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో నిలవగలిగేది 5 గ్రాముల లోపే. అందులో 80 శాతమంటే 4 గ్రాములు. 40 డిగ్రీల బెజవాడ ఎండలో తేమ 30 శాతమే ఉన్నా ఘనపు మీటరుకు 15 గ్రాములుంటాయి.

ఆష్‌బర్న్ గాలి సందుల్లోంచి ఇంట్లోకి వచ్చి 21 డిగ్రీలకు వేడెక్కుతుంది. అక్కడ నిలవగలిగేది 18 గ్రాములు. వచ్చినది మాత్రం ఆ 4 గ్రాములే, వ్యాకోచం వల్ల అదీ కాస్త తగ్గుతుంది. లెక్క 20 శాతానికి పడిపోతుంది. మన చర్మం, ముక్కు లోపలి పొర ఆ లోటును తమ తడితో తీరుస్తాయి.

కాబట్టి మందు హీటర్‌ను తిట్టుకోవడంలో లేదు, బయటి గాలి ఎంత చొరబడుతోందో చూడడంలో ఉంది. 2,400 చదరపు అడుగుల ఇల్లు తీసుకుందాం. మూడు గంటలకోసారి గాలంతా మారుతోందనుకుంటే, తేమను 20 నుంచి 35 శాతానికి తేవడానికి గంటకు అర లీటరు పైన, రోజుకు 13 లీటర్ల నీరు కావాలి. వంట, స్నానాలు, మన ఊపిరి అందులో కొంత ఇస్తాయి. మంచం పక్కన పెట్టే చిన్న హ్యుమిడిఫయర్ తలుపు మూసిన ఒక గదికి చాలుతుంది, ఇల్లంతటికీ చాలదు. ముందు అటక తలుపు చుట్టూ, కిటికీల అంచుల్లో సందులు మూయాలి. ఆ తర్వాతే ఫర్నేస్‌కు బిగించే పెద్ద హ్యుమిడిఫయర్ సంగతి.

అయితే దాన్ని 50 శాతానికి పెట్టి వదిలేయకండి. 21 డిగ్రీల గదిలో తేమ 40 శాతం ఉంటే, 7 డిగ్రీలకు చల్లబడిన ఏ ఉపరితలం మీదైనా నీరు పడుతుంది. బయట మైనస్ పదికి దిగిన రాత్రి కిటికీ అద్దం కింది అంచు అంతకంటే చల్లగా ఉండొచ్చు. తెల్లవారేసరికి అక్కడ నీళ్లు కారుతుంటే, కిటికీ చెక్క నాని బూజు పట్టకముందే మీట 30కి తగ్గించండి.